ఎనిమిది దీపాలూ వెలిగాయి, కేబుల్ మాత్రం నడవలేదు: స్ప్లిట్ పెయిర్, ఓపెన్, అదనపు పొడవును టెస్టర్‌లో చదవడం

ఒక కార్యాలయంలో కొత్తగా లాగిన క్యాట్ 6 కేబుల్ గురించి ఫిర్యాదు వచ్చింది. కంప్యూటర్‌కు తగిలిస్తే లింకు దీపం ఆరేడు సెకన్లు వెలిగి ఆరిపోతుంది, కాసేపటికి మళ్లీ వెలుగుతుంది. వేగాన్ని బలవంతంగా 100 మెగాబిట్లకు దించితే మాత్రం నడుస్తుంది. కేబుల్ లాగిన కుర్రవాడు తన చిన్న దీపాల టెస్టర్ తెచ్చి నా ముందే పెట్టి చూపించాడు. ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలు వరుస తప్పకుండా వెలిగాయి. అవతలి చివరనున్న రిమోట్‌లోనూ అదే వరుస. "చూడండి సార్, కేబుల్‌లో ఏ లోపమూ లేదు" అన్నాడు. అప్పటికే స్విచ్‌లో పోర్టు మార్చారు, ప్యాచ్ కార్డు మార్చారు, కంప్యూటర్‌లో నెట్‌వర్క్ కార్డు కూడా మార్చారు.

లోపం ప్లగ్‌లోనే కంటికి కనిపిస్తోంది. పారదర్శకమైన ప్లాస్టిక్‌లోంచి చూస్తే తీగలు ఎంతో పొందికగా ఉన్నాయి: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, ఆకుపచ్చ, నీలం తెలుపు, నీలం, గోధుమ తెలుపు, గోధుమ. ఏ రంగు పక్కన ఆ రంగు. రెండు చివరలా అదే వరుస. ఆ పొందికే ఇక్కడి లోపం. దీన్నే స్ప్లిట్ పెయిర్ అంటారు. దీపాల టెస్టర్ దీన్ని ఎన్నటికీ పట్టుకోలేదు.

ఈ మార్గదర్శిలో ఆ ఒక్క లోపానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఓపెన్, అంటే తీగ మధ్యలో తెగి ఉండటం, అదనపు పొడవు కూడా వస్తాయి. అవి టెస్టర్ తెర మీద పక్కపక్కనే కనిపించే అంకెలు కాబట్టి, వాటిని చదవడం రాకపోతే స్ప్లిట్‌ను కూడా సరిగా చదవలేం.

జత అంటే ఏమిటో ముందుగా

కేబుల్‌లో ఎనిమిది తీగలు ఉన్నాయని లెక్కపెట్టడం మొదటి పొరపాటు. ఉన్నవి నాలుగు జతలు. ఒక జతలోని రెండు తీగల మీద ఒకే సంకేతం ఎదురెదురు ధ్రువాలతో వెళుతుంది. అవతలి పరికరం ఆ రెండింటి మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది. రెండు తీగలూ ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉండటం వల్ల బయటి అలజడి రెండింటి మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది, తేడా తీసేటప్పుడు అది కొట్టుకుపోతుంది. పక్క జతల నుంచి వచ్చే అలజడి కూడా ఇలాగే రద్దు కావాలని ఒక్కో జతకు ఒక్కో రకం మెలిక వేస్తారు. కేబుల్ చివర పై తొడుగు విప్పి చూస్తే ఒక జత గట్టిగా, మరొకటి కాస్త వదులుగా మెలితిరిగి కనిపించేది ఇందుకే.

పరికరాల వైపు నుంచి చూస్తే సంకేతాల జతలు ప్లగ్‌లోని 1-2, 3-6, 4-5, 7-8 లోహపు కాళ్ల మీద ఉంటాయి. మధ్యలోని 4, 5 కాళ్లు టెలిఫోను జతకు కేటాయించిన పాత అలవాటు నుంచి వచ్చినవి. రెండో జత దాని చుట్టూ 3, 6 మీద కూర్చుంది. అందుకే ప్లగ్‌లో రంగులకు ప్రమాణంగా వాడే టీ568బీ వరుస చూడటానికి గజిబిజిగా ఉంటుంది: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. ఆకుపచ్చ జత విడిపోయి నీలం జతకు అటూ ఇటూ నిలబడుతుంది.

ఇప్పుడు మన కేబుల్‌కు వద్దాం. రంగుల పక్కన రంగులు పెట్టడం వల్ల 3వ కాలికి ఆకుపచ్చ తెలుపు, 6వ కాలికి నీలం తీగ వచ్చాయి. అంటే 3-6 మీది సంకేతం రెండు వేర్వేరు జతల నుంచి చెరొక తీగను తీసుకుని ప్రయాణిస్తోంది. 4-5 సంకేతం మిగిలిన ఆకుపచ్చ, నీలం తెలుపు తీగల మీద వెళుతోంది. అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. ఆకుపచ్చ తెలుపును ఆకుపచ్చతో కేబుల్ పొడవునా పెనవేశారు. ఇప్పుడు ఆ రెండూ వేర్వేరు సంకేతాలను మోస్తున్నాయి. అలజడిని రద్దు చేయాల్సిన మెలికే, రెండు సంకేతాలను చివరి నుంచి చివరి దాకా అంటిపెట్టుకునేలా బిగించి ఉంచుతోంది.

100 మెగాబిట్ల దగ్గర కేబుల్ నడవడానికి కారణం కూడా ఇదే వివరణలో ఉంది. ఆ వేగంలో 1-2, 3-6 జతలు మాత్రమే పని చేస్తాయి, 4-5 మౌనంగా ఉంటుంది. 3-6కు అంటుకుని ఉన్న పొరుగు మాట్లాడకపోవడంతో దూరం తక్కువైతే లింకు నిలబడుతుంది, అప్పుడప్పుడు కొన్ని లోపాలు మాత్రం లెక్కలోకి వస్తాయి. గిగాబిట్‌లో నాలుగు జతలూ, రెండు దిశల్లోనూ ఒకేసారి మాట్లాడతాయి. అప్పుడు 3-6, 4-5 ఒకదాని గొంతు ఒకటి నొక్కుకుంటాయి, లింకు పడిపోతుంది. కాబట్టి "తక్కువ వేగంలో నడుస్తోంది, కేబుల్ మంచిదే" అనే వాదనను ఒప్పుకోకండి.

టెస్టర్ ఏ ప్రశ్న అడుగుతోంది

దీపాల టెస్టర్ ఒక్కో తీగలోకి డీసీ విద్యుత్తు పంపి, అది అవతల ఏ కాలి దగ్గర తేలిందో చూస్తుంది. తీగ చివరి దాకా ఉందా, సరైన కాలికి చేరిందా అన్న రెండు ప్రశ్నలకే అది జవాబు ఇవ్వగలదు. ఏ తీగ ఏ తీగతో పెనవేసుకుని ఉందో డీసీకి తెలిసే అవకాశమే లేదు.

దానికంటే పై మెట్టులోనిది ఏ తీగ ఏ కాలికి చేరిందో గీసి చూపే వైర్‌మ్యాప్‌తో పాటు పొడవు చూపే టెస్టర్. ఇది ఒక్కో జతలోకి చిన్న విద్యుత్ పల్స్‌ను, అంటే ఒక స్పందనను పంపి, అది ఎక్కడ తాకి తిరిగివచ్చిందో సమయాన్ని బట్టి లెక్కిస్తుంది. జతల మధ్య అలజడిని కూడా గమనించి స్ప్లిట్‌ను గుర్తు వేసి చూపుతుంది. ఇంట్లోనో ఆఫీసులోనో రోజూ కేబుళ్లతో పని ఉన్నవారికి నా దృష్టిలో ఇదే సరైన పనిముట్టు. అన్నిటికంటే పైది సర్టిఫయర్. అది ప్రతి పౌనఃపున్యం దగ్గరా నష్టాన్నీ, జతల మధ్య అలజడి అయిన క్రాస్‌టాక్‌నూ కొలిచి ప్రమాణంలోని హద్దుతో పోల్చి తీర్పు చెబుతుంది. ఖరీదైనది కావడంతో అందరి దగ్గరా ఉండదు.

మొదటి పని: కేబుల్‌ను ఒంటరి చేయడం

పరీక్షకు ముందు రెండు చివరలూ స్విచ్ నుంచీ కంప్యూటర్ నుంచీ తీసేయండి. ఒక చివర స్విచ్‌లో ఉండిపోతే అక్కడి పరికరం స్పందనను మింగేస్తుంది, పొడవు తప్పుగా వస్తుంది లేదా అసలు రాదు. స్విచ్ కేబుల్ గుండా విద్యుత్తు పంపే రకమైతే టెస్టర్‌కే ప్రమాదం. రెండో చివర టెస్టర్‌తో వచ్చిన రిమోట్ యూనిట్‌ను పెట్టండి.

రిమోట్ పెట్టడం మరిచిపోతే తెర మీద నాలుగు జతలూ ఓపెన్ అని వస్తాయి, పక్కనే 48 మీటర్లు అని ఉంటుంది. కొత్తవారు దీన్ని చూసి కేబుల్ మొత్తం తెగిందని కంగారు పడతారు. అక్కడ తెగిందేమీ లేదు, అది కేబుల్ చివర. తెరిచి ఉన్న చివర నుంచి స్పందన తిరిగి రావడం సహజం. ఒక్కరే పని చేస్తూ రిమోట్ పెట్టడానికి అవతలి గదికి వెళ్లలేనప్పుడు పొడవు తెలుసుకోవడానికి ఇదే మంచి మార్గం కూడా.

రెండో పని: జతల వారీగా పొడవు చదవడం

చాలామంది ముందు వైర్‌మ్యాప్ చూస్తారు. నేను ముందు పొడవులు చూస్తాను, ఎందుకంటే నాలుగు అంకెలు పక్కపక్కన పెడితే తేడా వెంటనే కంటికి తగులుతుంది. ఆరోగ్యంగా ఉన్న కేబుల్‌లో అవి అచ్చంగా సమానంగా ఉండవు. గట్టిగా మెలితిరిగిన జతలో రాగి ఎక్కువ పడుతుంది కాబట్టి 47.4, 48.3, 47.1, 48.9 లాంటి అంకెలు వస్తాయి. మూడు నాలుగు శాతం తేడాను లోపంగా చూడకండి.

ఒక జత మాత్రం మిగిలిన వాటి నుంచి విడిపోయి చాలా తక్కువ చూపితే అది ఓపెన్. మరో పనిలో నాకు ఎదురైన అంకెలు చెబుతాను: మూడు జతలు 48 దగ్గర, 7-8 మాత్రం 31. పరికరాల గది నుంచి కొలిచాను కాబట్టి అక్కడి నుంచి 31 మీటర్ల దూరంలో గోధుమ జత తెగింది. అదే 7-8 కూడా 48 చూపుతూ ఓపెన్ అని ఉంటే లోపం అవతలి చివరి సాకెట్‌లో ఉండేది. సున్నా, ఒకటి లాంటి అంకె వస్తే మన చేతి దగ్గరి ప్లగ్‌లోనే ఉన్నట్టు. అనుభవంలో ఓపెన్‌లలో ఎక్కువ భాగం ఈ రెండు చివరల్లోనే దొరుకుతాయి: తీగ ప్లగ్ కొన దాకా చేరకపోవడం, సాకెట్‌లో తీగను కత్తి మధ్యకు పూర్తిగా దిగేలా నొక్కకపోవడం.

మధ్యలో తెగినట్టు కనిపిస్తే తప్పకుండా రెండో చివర నుంచి కూడా కొలవండి. ఇవతలి నుంచి 31, అవతలి నుంచి 17 వస్తే కలిపితే 48, కాబట్టి ఒక్కచోటే తెగింది. అవతలి నుంచి 10 మాత్రమే వస్తే లెక్క 41 దగ్గర ఆగిపోతుంది. అంటే తెగినవి రెండు చోట్లు, మధ్యలో ఏడు మీటర్ల ముక్క విడిగా పడి ఉంది. ఒకటి అతికించి సంతోషపడి, పైకప్పు పలకలు మూసేసి, మళ్లీ తెరవాల్సి రావడం కంటే ఈ రెండో కొలత మేలు.

ఒక జతలో రెండు తీగల్లో ఏది తెగిందో పొడవు చెప్పదు. దాన్ని వైర్‌మ్యాప్ చెబుతుంది: 7 గీత మధ్యలో విరిగి, 8 గీత చివరి దాకా ఉంటే గోధుమ తెలుపు తెగినట్టు.

టెస్టర్ చేతిలో లేనప్పుడు లినక్స్ యంత్రం కొంత సాయం చేస్తుంది. కెర్నల్ 5.8 నుంచి ఈ సౌకర్యం ఉంది, అయితే నెట్‌వర్క్ కార్డూ దాని డ్రైవరూ సహకరించాలి. పరీక్ష జరిగేటప్పుడు ఆ పోర్టు లింకు తెగిపోతుంది కాబట్టి దాని మీదుగా దూరం నుంచి లాగిన్ అయి ఈ ఆదేశం ఇవ్వకండి.

```
ethtool --cable-test eth0
```

జవాబు ఈ తీరులో వస్తుంది:

```
Pair A code OK
Pair B code OK
Pair C code OK
Pair D code Open Circuit
Pair D, fault length: 31.20m
```

ఇక్కడ A అంటే 1-2, B అంటే 3-6, C అంటే 4-5, D అంటే 7-8. గోధుమ జత ఒక్కటే తెగిన కేబుల్ మీద రెండు పరికరాలు మొదట గిగాబిట్‌కే ఒప్పుకుంటాయి, ఎందుకంటే ఆ సంప్రదింపు 1-2, 3-6 మీదే జరుగుతుంది. తర్వాత నాలుగో జత దొరకక తడబడతాయి. తెలివైన కార్డు తనంతట తానే 100కు దిగుతుంది, కొన్ని మాత్రం లింకు కలపకుండా అదే పనిగా ప్రయత్నిస్తూ ఉండిపోతాయి. "నెట్ వస్తోంది కానీ వేగం పదో వంతే" అనే ఫిర్యాదు వింటే నేను ముందుగా 4-5, 7-8 జతలనే అనుమానిస్తాను. స్ప్లిట్ పెయిర్ ఉన్న కేబుల్‌కు మాత్రం ఈ ఆదేశం నాలుగు చోట్లా OK అనవచ్చు. దాని మాటను అక్కడి వరకే నమ్మండి.

మూడో పని: వైర్‌మ్యాప్, దాని వెనుక స్ప్లిట్

మన మొదటి కేబుల్‌ను పొడవు చూపే టెస్టర్‌కు తగిలించాను. పొడవులు నాలుగూ 48 అటూ ఇటూ ఉన్నాయి. వైర్‌మ్యాప్‌లో ఎనిమిది గీతలూ నేరుగా, ఒకదాన్నొకటి దాటకుండా ఉన్నాయి. దీపాల టెస్టర్ చెప్పింది అబద్ధమేమీ కాదు. అయితే 3-6, 4-5 గీతల మీద స్ప్లిట్ గుర్తు మెరుస్తోంది. టెస్టర్‌ను బట్టి ఆ గుర్తు SPLIT అనే మాటగానో, జతల సంఖ్యలు మెరవడంగానో కనిపిస్తుంది. స్ప్లిట్ ఎప్పుడూ ఒంటరిగా రాదు. ఒక జత విడిపోతే దాని తీగను తీసుకున్న మరో జత కూడా విడిపోయి తీరాలి, కాబట్టి రెండు జతల మీద గుర్తు రావడం సహజమే.

జానెడు పొడవున్న ప్యాచ్ కార్డులో స్ప్లిట్ ఉన్నా టెస్టర్ గుర్తించకపోవచ్చు. అంత తక్కువ దూరంలో అలజడి పోగుపడదు. పొట్టి కార్డుల విషయంలో ప్లగ్‌లోంచి రంగులు చూసుకోవడమే నమ్మకమైన పరీక్ష.

స్ప్లిట్ చూపే టెస్టర్ లేకపోయినా, కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటర్ ఉంటే ఒక ఉపాయం ఉంది. దీన్ని నేను చాలాసార్లు వాడాను. ఒకదానితో ఒకటి పెనవేసుకున్న రెండు తీగల మధ్య కెపాసిటెన్స్ మీటరుకు సుమారు 50 పికోఫారడ్లు ఉంటుంది. కాబట్టి 48 మీటర్ల కేబుల్‌లో అసలైన జత ఏదైనా సుమారు 2.4 నానోఫారడ్లు చూపాలి. రెండు చివరలూ ఖాళీగా ఉంచి, మీటరు తీగల సొంత విలువను తీసేసి కొలవండి. ఆ రోజు వచ్చిన విలువలు ఇవి: 1-2 దగ్గర 2.4, 7-8 దగ్గర 2.4. 3-6 దగ్గర మాత్రం 1.6, 4-5 దగ్గరా అంతే. తర్వాత మీటరు కొనలను 3, 4 కాళ్ల మీదకు మార్చాను. వెంటనే 2.4 వచ్చింది. 5, 6 మీద మళ్లీ 2.4. ఎవరు ఎవరితో పెనవేసుకుని ఉన్నారో మీటరు చెప్పేసింది: 3వ కాలి తీగ 4తో, 5వ కాలి తీగ 6తో. అదే మల్టీమీటర్‌తో నిరోధాన్ని కొలిస్తే ఈ లోపం జాడ కూడా దొరకదు.

ఇదే కొలత ఓపెన్‌కు కూడా పనికొస్తుంది. తెగిన జత 1.55, మంచి జత 2.4 చూపితే, 1.55ను 2.4తో భాగించి 48తో గుణిస్తే 31 మీటర్లు. మంచి జతతో పోల్చుతున్నాం కాబట్టి మీటరుకు ఎన్ని పికోఫారడ్లో కచ్చితంగా తెలియాల్సిన అవసరం కూడా లేదు.

సర్టిఫయర్ ఉన్నవారికి ఇదే లోపం మరో రూపంలో కనిపిస్తుంది. తెర మీద NEXT అనే వరుసలో జతల మధ్య అలజడి డెసిబెల్లలో ఉంటుంది. అంకె ఎంత పెద్దదైతే అంత నిశ్శబ్దం. క్యాట్ 6 స్థిర లింకుకు 100 మెగాహెర్ట్జ్ దగ్గర కనీసం 41.8 డెసిబెల్లు ఉండాలి. మెలిక కాస్త ఎక్కువ విప్పిన సాకెట్ రెండు మూడు డెసిబెల్లతో తప్పుతుంది. స్ప్లిట్ ఉన్న కేబుల్ అలా అంచు మీద తప్పదు. 3,6-4,5 వరుసలో అంకె ఇరవై డెసిబెల్ల లోటుతో కిందకు పడిపోతుంది, మిగిలిన జతలు మాత్రం పెద్దగా చెదరవు. ఒక్క వరుసే ఇంత లోతుగా కూలిపోవడమే స్ప్లిట్‌ను పోల్చుకునే ఆనవాలు.

కొన్ని సర్టిఫయర్లు ఆ అలజడి ఏ దూరంలో పుడుతోందో గ్రాఫ్‌గా గీసి చూపుతాయి. మన కేబుల్‌లో అది సున్నా మీటరు దగ్గర మొదలై చివరి దాకా గట్టుగా నిలబడుతుంది, ఎందుకంటే పొడవంతా తప్పు జతలే. ఒకవేళ 20 మీటర్ల దాకా చదునుగా ఉండి అక్కడి నుంచి లేస్తే, పైకప్పులో ఎవరో కేబుల్‌ను అతికించి రంగులు తారుమారు చేశారన్నమాట. అప్పుడు ప్లగ్‌లు ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు, ఆ అతుకు దగ్గరికే వెళ్లాలి.

సరిచేయడం

స్ప్లిట్‌కు మందు ఒక్కటే: చివరలు కోసి మళ్లీ సరైన వరుసలో బిగించడం. రెండు చివరలూ చేయాలి. ఇక్కడ ఒక తమాషా ఉంది. తొందరలో ఒక చివర మాత్రమే టీ568బీకి మార్చారనుకోండి. అక్కడ 4వ కాలికి నీలం, 6వ కాలికి ఆకుపచ్చ వచ్చాయి. అవతలి చివర ఇంకా పాత వరుసే కాబట్టి 4వ కాలిది ఆకుపచ్చ, 6వ కాలిది నీలం. ఇప్పుడు దీపాల టెస్టర్‌లో 4 వెలగాల్సినప్పుడు 6 వెలుగుతుంది. అసలు తప్పును చూడలేని టెస్టర్, సగం సరిచేసిన తర్వాత మాత్రం గోల పెడుతుంది. ఆ గోలకు బెదిరి మార్చిన చివరను మళ్లీ పాత వరుసకే తిప్పినవారిని చూశాను.

బిగించేటప్పుడు ప్రతి జతకూ మెలికను చివరి 13 మిల్లీమీటర్ల దాకా ఉంచాలి, అంతకంటే ఎక్కువ విప్పకూడదు. ప్లగ్ నొక్కే ముందు దాన్ని వెలుగుకు ఎత్తి రంగులు ఒకసారి పైకి చదవండి. మన కేబుల్‌కు రెండు చివరలూ మార్చాక 3-6 మీద కెపాసిటెన్స్ 2.4కు వచ్చింది, లింకు గిగాబిట్‌లో నిలబడింది.

నాలుగో పని: పొడవు ఎక్కువని చూపితే

మరో కేబుల్‌కు టెస్టర్ 103.5 మీటర్లు అని చూపింది. కేబుల్ తీసి పారేసే ముందు ఆ అంకె ఎలా పుట్టిందో చూడాలి. టెస్టర్ పొడవును కొలవదు, సమయాన్ని కొలుస్తుంది. దాన్ని ఈ సూత్రంతో పొడవుగా మారుస్తుంది:

```
L = NVP × c × t / 2
```

c కాంతి వేగం, t స్పందన వెళ్లి రావడానికి పట్టిన సమయం. ఎన్‌వీపీ అంటే ఈ కేబుల్‌లో సంకేతం కాంతి వేగంలో ఎన్నో వంతుతో వెళుతుందనే అంకె. సాధారణ కేబుళ్లలో ఇది 64 నుంచి 72 శాతం మధ్య ఉంటుంది, తయారీదారు వివరాల పత్రంలో దొరుకుతుంది. టెస్టర్‌లో ఎవరో గతంలో పెట్టిన 72 అలాగే ఉండి, మన కేబుల్‌ది నిజానికి 68 అయితే, చూపిన పొడవులో ఐదారు శాతం గాలి ఉంటుంది.

కాబట్టి ముందుగా కేబుల్ పై తొడుగు మీద అచ్చువేసిన మీటరు గుర్తులు చదవండి. పరికరాల గదిలో 213, సాకెట్ దగ్గర 311 ఉంటే అసలు పొడవు 98. కొన్ని కేబుళ్ల మీద అడుగుల్లో ఉంటుంది, ఏ కొలమానమో చూసుకుని లెక్కపెట్టండి. 103.5ను 98తో సరిపెట్టాలంటే ఎన్‌వీపీ 72ను 98తో గుణించి 103.5తో భాగించాలి, 68 వస్తుంది. టెస్టర్‌లో 68 పెట్టి మళ్లీ కొలిస్తే 97.8 చూపుతుంది. గుర్తులు చెరిగిపోతే అదే కేబుల్‌లో పొడవు తెలిసిన ముక్క తీసుకుని, టెస్టర్ ఆ పొడవు చూపే దాకా ఎన్‌వీపీ మార్చండి. ముక్క కనీసం 15 మీటర్లు ఉండాలి, 30 ఉంటే ఇంకా మంచిది. రెండు మీటర్ల ముక్కతో సరిచేస్తే చిన్న పొరపాటు పెద్ద కేబుల్‌లో ఎన్నో రెట్లవుతుంది.

ఇప్పుడు 98 మీటర్లు నిజమే. అది ఎక్కువా? గోడలో స్థిరంగా ఉండే భాగానికి హద్దు 90 మీటర్లు, రెండు వైపులా కార్డులు కలిపితే 100. టీఐఏ ప్రమాణంలో ఎన్‌వీపీ అనిశ్చితికి పది శాతం వెసులుబాటు ఉంది కాబట్టి, స్థిర భాగం 99 దాటే దాకా సర్టిఫయర్ పొడవు మీద ఫెయిల్ అనదు. పైగా నాలుగింటిలో అతి తక్కువ చూపే జతనే లెక్కలోకి తీసుకుంటుంది. ఆ పది శాతం కొలతలోని సందేహం కోసం ఇచ్చింది, కేబుల్ ఎక్కువ లాగడానికి కాదు. ఇక్కడ గుర్తులు చదివి 98 అని తేల్చుకున్నాం కాబట్టి సందేహం అనే సాకు కూడా లేదు. ఐఎస్ఓ ప్రమాణంలోనైతే పొడవు కేవలం సమాచారం, తీర్పు నష్టమూ ఆలస్యమూ చెబుతాయి. నా దృష్టిలో ఇదే సబబు. పొడవు ఎక్కువైన కేబుల్ గీత దాటగానే చచ్చిపోదు. సంకేతం బలహీనపడుతూ, వేడి పెరిగిన మధ్యాహ్నాల్లో నష్టం మరికాస్త పెరిగి, లోపాల లెక్క నెమ్మదిగా ఎక్కుతుంది. రాగి వేడెక్కితే నష్టం పెరుగుతుంది కాబట్టి, ఉదయం చల్లగా ఉన్నప్పుడు అంచు మీద పాసైన పరీక్షను నేను పాసుగా లెక్కించను.

నక్షాలో దారి 80 మీటర్లే అయినప్పుడు ఈ 98 ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలి. మూడు కారణాలే ఎక్కువగా కనిపిస్తాయి. మొదటిది, పైకప్పులో చుట్టి వదిలేసిన కట్ట. రెండోది, అడ్డంకి తప్పించడానికి కేబుల్ మరో దారిన తిరిగి రావడం. మూడోది అందరూ మరిచిపోయేది: చీటీ తప్పు, మీరు కొలుస్తున్నది అసలు ఆ కేబులే కాదు. సాకెట్ దగ్గర రిమోట్ తీసేసినప్పుడు తెర మీద వైర్‌మ్యాప్ మారకపోతే మూడో కారణమే నిజం.

ఆ కేబుల్‌లో దొరికింది కట్ట. సాకెట్‌కు కొంచెం పైన, పైకప్పు పలక మీద 16 మీటర్లు గుండ్రంగా చుట్టి కట్టేసి ఉంది. ఎప్పుడైనా బల్ల జరిపితే పనికొస్తుందని ఉంచారట. ఒకటి రెండు మీటర్లు వదిలితే ఎవరూ కాదనరు. కట్ట విప్పి సాకెట్ వైపు లాగి, 295 గుర్తు దగ్గర కోసి, కొత్త సాకెట్ బిగించాం. టెస్టర్ 81.8 చూపింది, గుర్తుల లెక్క 82. కోసిన 16 మీటర్ల ముక్కను మాత్రం పారేయనివ్వలేదు. రెండు చివరలా ప్లగ్‌లు కొట్టి, 16.0 మీటర్లు, ఎన్‌వీపీ 68 అని చీటీ అంటించి టెస్టర్ సంచిలో పెట్టాను. ఆ భవనంలో మిగిలిన కేబుళ్లు కూడా అదే పెట్టెలోంచి వచ్చినవి.